కొడుకు పేరు రాని నోట దేవుడి దయ

మా పెదనాన్నకు పక్షవాతం వచ్చిన పన్నెండో రోజున పలాసలో వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో కుర్చీలో కూర్చోబెట్టారు. కుడిచెయ్యి ఒళ్ళో వాలిపోయి ఉంది. ఎదురింటాయన గుమ్మంలోంచే పలకరించాడు. "ఎలాగున్నావు బావా?" పెదనాన్న తలెత్తి, ఎక్కడా తడుముకోకుండా, "అంతా సూర్యనారాయణమూర్తి దయ" అన్నాడు. జీడిపప్పు కొట్లో కూర్చుని నలభై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెప్పిన జవాబే అది. అరసవల్లి స్వామి ఆయన ఇలవేల్పు. పెద్దమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "మాటొచ్చీసింది, ఇంక భయం లేదు" అంది.

నేను స్పీచ్ థెరపిస్టుని. ఆ మాట విని సంతోషించాలనే ఉంది గానీ, వృత్తి ఊరుకోనివ్వలేదు. పక్కన నిలబడ్డ కొడుకుని చూపించి, "ఈ అన్నయ్య పేరేటి పెదనాన్నా?" అని అడిగాను. అన్నయ్య పేరు సూర్యనారాయణ. మొక్కుకుని పెట్టుకున్న స్వామి పేరే. పెదనాన్న నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి, మెడనరాలు బిగుసుకున్నాయి, "త... త..." అన్నాడు. ఆపైన ఏమీ రాలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మనిషిని గుర్తుపట్టాడు, ఎవరో తెలుసు, ఏం చెప్పాలో కూడా తెలుసు. ఒక్క నిమిషం కిందట ఆ పేరే ఆయన నోటి నుంచి అక్షరం తప్పకుండా వచ్చింది.

ఆ పేరు అప్పుడెలా వచ్చింది, ఇప్పుడెందుకు రాలేదు అన్నదే ఈ వ్యాసం.

శరీరం కుడివైపు పడిపోయిందంటే దెబ్బ మెదడు ఎడమభాగానికి తగిలిందని అర్థం. నూటికి తొంభైమందికి పైగా మాటల్ని కూర్చే పని ఆ ఎడమభాగానిదే. అక్కడ రక్తప్రసరణ ఆగి మాట పోవడాన్ని అఫేసియా అంటారు. నాలుకకు, గొంతుకు ఏ జబ్బూ లేకపోయినా మాట కుదరదు. అయితే ఇలాంటి రోగుల్లో కొందరు ఉన్నట్టుండి కొన్ని మాటల్ని స్పష్టంగా పలుకుతారు. లండన్ వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ 1878లో రాయడం మొదలుపెట్టిన పెద్ద వ్యాసంలో దీన్ని పట్టుకున్నాడు. మనిషి మాట్లాడేది రెండు రకాలన్నాడాయన. ఒకటి, చెప్పదలచుకున్న సంగతిని బట్టి అప్పటికప్పుడు కూర్చుకునే మాట. రెండోది, ముందే కూర్చి ఉండి, సందర్భం రాగానే ఊడిపడే మాట. తిట్లు, పలకరింపులు, అంకెల వరస, కంఠస్థం చేసిన శ్లోకాలు, దేవుణ్ణి తలుచుకునే మాటలు ఈ రెండోదానిలోవి. మొదటిది ఎడమ మెదడు పని, రెండోదానిలో కుడి మెదడుకి చెయ్యి ఉంది అన్నది ఆయన ఊహ.

జాక్సన్ ఇది రాయడానికి పన్నెండేళ్ళ ముందు, 1866లో, ఫ్రెంచి కవి బోదలేర్‌కి పక్షవాతం వచ్చింది. అంతటి మాటల మనిషికి చివరకు మిగిలింది "క్రే నోమ్" అనే చిన్న తునక. "దేవుడి పవిత్ర నామం" అని అర్థమొచ్చే ఒక ఫ్రెంచి ఒట్టు అరిగి అరిగి అలా మిగిలింది. సంతోషానికీ అదే, కోపానికీ అదే, కాదనడానికీ అదే. బ్రస్సెల్స్‌లో ఆయనకు సేవ చేసిన క్రైస్తవ సన్యాసినులు దాన్ని దైవదూషణగా ఎంచి నొచ్చుకున్నారు. ఆయన దూషించలేదు. ఆయన దగ్గర ఇంకో మాట లేదు, అంతే.

మా పెదనాన్న మాటలో స్వామి పేరుంది కానీ, ఆ పేరుని విడిగా తీసుకుని ఆయన ఆ వాక్యాన్ని కట్టలేదు. అతుకుల్లేకుండా పోతపోసిన బిందె లాంటిది ఆ మాట. అందులోంచి ఒక ముక్క ఊడబెరికి వేరేచోట వాడుకోవడం కుదరదు. ఇది మన మాటల్లోనే చూసుకోవచ్చు. "అంతా దేవుడి దయ" అంటాం. "మూడొంతులు దేవుడి దయ" అని ఎవరమైనా అంటామా? వ్యాకరణం అడ్డుపడదు, అయినా చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. పలికే తీరు కూడా మారదు. అదే వేగం, అదే చోట దిగే గొంతు. పైగా వేగంగా అనేటప్పుడు మా వాళ్ళ నోట సూర్యనారాయణమూర్తి "సూర్నాణమూర్తి" అయిపోతాడు.

ఇలా అరగడం అన్ని భాషల్లోనూ కనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు వీడ్కోలు చెప్పే "గుడ్‌బై" ఒకప్పుడు "దేవుడు మీతో ఉండుగాక" అనే పూర్తి వాక్యం. స్పానిష్‌లో "ఎంత బాగుండు" అనడానికి వాడే "ఓహలా" అరబ్బీ నుంచి వచ్చింది, అందులో అల్లా పేరు ఇమిడి ఉంది. వాడేవాళ్ళలో ఎక్కువమందికి ఆ సంగతి తట్టదు. రష్యన్‌లో ధన్యవాదానికి "స్పసీబ" అంటారు. "దేవుడు రక్షించుగాక" అని దాని మూలార్థం. దేవుడు లేడని బడిలో పాఠం చెప్పిన సోవియట్ రోజుల్లో కూడా జనం రోజంతా ఆ మాటే అనుకున్నారు. మాట ఒకే ముద్దగా గట్టిపడ్డాక లోపలి అర్థం దాన్ని నడిపించదు, సందర్భమే నడిపిస్తుంది.

అలాగని అది ఉత్త మాట అని కొట్టిపారేస్తే నేనొప్పుకోను. మా నాయనమ్మ రుబ్బురోలు దగ్గర పిండి రుబ్బుతూ, తల తిప్పకుండానే, తుమ్మిన పిల్లాడికి "చిరంజీవ" అనేది. చెయ్యి ఆగేది కాదు. ఆ మాట వల్ల ఒరిగేదేమిటన్న ప్రశ్నే బౌద్ధ భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో, చుల్లవగ్గ అనే భాగంలో వస్తుంది. బుద్ధుడు ధర్మం బోధిస్తూ తుమ్మాడు. భిక్షువులంతా "జీవించండి స్వామీ" అని గట్టిగా అనేసరికి బోధ ఆగిపోయింది. తుమ్మినవాణ్ణి జీవించమన్నంత మాత్రాన వాడు బతకడం గానీ చావడం గానీ ఉంటుందా అని ఆయన అడిగాడు. లేదన్నారు. అయితే అనకండి అన్నాడు. ఆ తర్వాత భిక్షువులు తుమ్మినప్పుడు ఊళ్ళోవాళ్ళు "జీవించండి" అంటే వీళ్ళు బదులు పలక్క ఊరుకున్నారు. జనం నొచ్చుకున్నారు. సంగతి తెలిసి బుద్ధుడు, గృహస్థులు మంగళం కోరుకునేవాళ్ళు, వాళ్ళు అలా అన్నప్పుడు "చిరం జీవ" అని మీరూ అనండి అని అనుమతించాడు. వంశధార ఒడ్డున, పాత బౌద్ధారామం శిథిలాలున్న శాలిహుండం కొండ ఎక్కిన ప్రతిసారీ నాకీ కథ గుర్తొస్తుంది. ఒకప్పుడు అక్కడున్న భిక్షువులు కూడా మనవాళ్ళ తుమ్ములకు అలాగే బదులిచ్చి ఉంటారు. ఆ మాటతో ఆయుష్షు పెరగదు. కానీ అది అనకపోతే ఎదుటి మనిషికి లోటు తెలుస్తుంది.

మళ్ళీ మెదడు దగ్గరకొద్దాం. ఎడమభాగం దెబ్బతిన్నా ఈ మాటలు మిగులుతున్నాయంటే, వాటికి ఇంకో ఆధారం ఉండాలి. దాన్ని రుజువు చెయ్యాలంటే తిరగేసిన కేసు కావాలి. అంటే మామూలు మాట నిలిచి, ఈ మాటలు పోయిన మనిషి. 1993లో 'న్యూరాలజీ' పత్రికలో అలాంటి మనిషి గురించి వైద్యులు రాశారు. హీబ్రూ, ఫ్రెంచి వచ్చిన ఆయనకు మెదడు కుడివైపు లోపల, బేసల్ గాంగ్లియా అనేచోట దెబ్బ తగిలింది. అలవాటుగా చేసే పనుల వరసను నడిపించే చోటు అది. ఆయనకు అఫేసియా లేదు, సంభాషణ చెయ్యగలడు. కానీ జీవితమంతా చదివిన ప్రార్థనలు, ఆశీర్వచనాలు నోటికి రాలేదు. తెలిసిన పాటలు కుదరలేదు, తిట్లూ రాలేదు. పలకరింపులు మాత్రం మిగిలాయి. మా పెదనాన్నకు పోయిన మాట ఆయనకు మిగిలింది, పెదనాన్నకు మిగిలినలాంటివి ఆయనకు చాలావరకు పోయాయి.

ఒక్క మనిషిని చూసి సిద్ధాంతం కట్టకూడదు. తర్వాత చేసిన పరిశీలనలు కూడా అటే చూపించాయి. ఎడమవైపు దెబ్బతిన్నవాళ్ళ మాటల్లో ఈ సిద్ధవాక్యాల పాలు పెరుగుతుంది, కుడివైపు గానీ బేసల్ గాంగ్లియా గానీ దెబ్బతిన్నవాళ్ళలో తగ్గుతుంది. అందుకని "దేవుడి మాటలకు మెదడులో ఒక గది ఉంది" అనుకోవద్దు. దేవుడి పేరైనా, బూతుమాటైనా అదే దారిలో వస్తుంది. వేలసార్లు అని అలవాటు కావడం, అంటున్నప్పుడు మనసు కదలడం, ఈ రెండూ ఉన్న మాట ఆ దారి పడుతుంది.

ఇంట్లోవాళ్ళు పొరబడేది ఇక్కడే. "మాటొచ్చీసింది" అనుకుని చికిత్స మానేస్తారు. లేదంటే, దేవుడి పేరు వస్తోంది గానీ మన పేరు రావడం లేదంటే మొండితనమనుకుంటారు. తేడా కనుక్కోవడం కష్టం కాదు. పలకరింపుకి బదులు చెప్పగలరా అని కాకుండా, ముందే సిద్ధంగా జవాబు లేని ప్రశ్న వెయ్యాలి. పొద్దున్న ఏ కూర తిన్నావు, ఈ చేతిలోది ఏమిటి అని అడగాలి. కాలు నొప్పిగా ఉందా అన్నా, కిటికీ మూసెయ్యనా అన్నా అదే దయ వస్తోందంటే, మాట ఇంకా తిరిగి రాలేదని లెక్క. విన్నది అర్థమవుతోందా లేదా అన్నది విడిగా చూడాలి. పెదనాన్నకు అర్థమయ్యేది.

మిగిలిన ఆ మాటల్నే పట్టుకుని పైకి లాగే పద్ధతి ఒకటుంది. 1980లో అమెరికాలో నాన్సీ హెల్మ్, బార్బరా బారెసి చెప్పారు. రోగి నోట తనంతట తాను జారిన మాటల్ని రాసుకోవాలి. ఒక్కో మాటా ఒక్కో అట్టముక్క మీద రాసి చదివించాలి. చదివితే ఉంచాలి. ఒకటి చూపిస్తే ఇంకోటి అన్నాడనుకోండి, మనం రాసింది పారేసి ఆయన అన్నదే రాయాలి. చదవడం కుదిరాక బొమ్మ చూపించి అనిపించాలి, ఆ తర్వాత మాటల్లో వాడించాలి. చదువు రానివాళ్ళకు ఇది పనికిరాదు. మా జిల్లాల్లో నా దగ్గరకొచ్చే ముసలమ్మల్లో చాలామందితో నేనిది చెయ్యలేకపోతున్నాను. పెదనాన్న కొట్టు లెక్కలు రాసిన మనిషి కాబట్టి కుదిరింది.

పెద్దమ్మ పాత క్యాలెండరు వెనకవైపు మొదటి వారం అయిదు మాటలు రాసింది. వద్దు, బాగు, ఓలమ్మ, బాబూ, దయ. ఇందులో "దయ" ఆయన చదవలేకపోయాడు. నేనూహించిందే. విడిగా ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. దాన్ని తీసేశాం. "కాఫీ" అని రాసి చూపిస్తే "టీ" అన్నాడు. వెంటనే కొట్టేసి "టీ" అని రాసింది. నెల తిరిగేసరికి "ఏటి కావాల?" అంటే "టీ" అని అడిగి తాగాడు.

ఒక సాయంత్రం అన్నయ్య మెట్ల మీద కాలుజారి తూలాడు. పెదనాన్న కుర్చీలోంచి "సూరీ!" అని కేకేశాడు. ఇంట్లో ముద్దుగా పిలిచే పేరది. పెద్దమ్మ ఏడుస్తూనే వెళ్ళి అట్టముక్క తెచ్చి ఆ రెండక్షరాలూ రాసింది. మర్నాడు చూపిస్తే చదివాడు. అట్ట పక్కన పెట్టి కొడుకుని చూపించి అడిగితే ఇంకా "త... త..." అనే అంటున్నాడు. రోజుకు రెండు పూటలా ఆ అట్ట చూపిస్తున్నారు.