లోన్ చేతికి రాలేదు, ప్రాసెసింగ్ ఫీజు పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో లోన్ ఫైళ్ల పని చేస్తాను. "ఏటి బాబూ, లోను రానేదు గానీ డబ్బులు మాత్రం పోనాయి" అంటూ మొన్న మళ్లీ ఒకావిడ వచ్చింది. పాపం, అప్పటికి మూడు రాత్రులు నిద్ర లేదట.

అపోహ: సాంక్షన్ అయ్యాక ఫీజు ఇక బ్యాంకుదే.

వాస్తవం: లోన్ ఎవరి వల్ల ఆగిందో, మీరు సంతకం పెట్టిన సాంక్షన్ లెటర్‌లో, వడ్డీ ఫీజులన్నీ ఒకచోట రాసిచ్చే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో ఏం రాసుందో ముందు చూడాలి. మీరే వద్దనుకుని, ఫీజు తిరిగి ఇవ్వరని అందులో ఉంటే ఆశ తక్కువ, ఆ మాట దాచను. బ్యాంకు వైపు నుంచి ఆగితే మాత్రం గట్టిగా అడగొచ్చు. అసలు ఆ స్టేట్‌మెంట్‌లో లేని ఫీజును మీరు స్పష్టంగా ఒప్పుకోకుండా వసూలు చేయకూడదు. 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే రిటైల్ లోన్లకు రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం ఇది.

ఎక్కువమంది నష్టపోయేది ఫిర్యాదు రాసే తీరు వల్లే. చీపురుపల్లి వైపు నుంచి ఒక టైలర్ వచ్చాడు. 18 లక్షల ఇంటి లోన్ సాంక్షన్ అయింది. అర శాతం లెక్కన ఫీజు 9,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,620, మొత్తం 10,620 ఖాతాలోంచి కట్ అయ్యాయి. తర్వాత బ్యాంకు లాయరు, ఆస్తి అంతకుముందు ఎవరి పేరున ఉండేదో చూపే లింక్ డాక్యుమెంట్ అడిగాడు. ఇతను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి నకలు తెచ్చి ఇచ్చాడు. ఫైలు కదల్లేదు. సాంక్షన్ గడువు మూడు నెలలూ అయిపోయాక, "మళ్లీ అప్లై చెయ్యి, మళ్లీ ఫీజు కట్టు" అన్నారు.

అతను బ్యాంకుకు "నాకు లోన్ ఇవ్వలేదు, న్యాయం చేయండి" అని రాశాడు. లోన్ ఇవ్వాలా వద్దా అన్నది మా నిర్ణయం అని జవాబొచ్చింది. బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ కూడా ఆ నిర్ణయం జోలికి పోడు. అందుకే లోన్ సంగతి వదిలేసి, ఫీజు గురించే తిరగరాయించాను. సాంక్షన్ తేదీ, డబ్బు కట్ అయిన తేదీ, నకలు ఇచ్చిన తేదీ వేశాం. చేతికి రసీదు ఇవ్వలేదు గానీ, ఆ రోజు బ్రాంచికి వాట్సాప్‌లో పంపిన ఫోటో ఉంది, అదే జత చేశాం. లాయరుకు, వాల్యుయేషన్‌కు నిజంగా అయిన ఖర్చు బిల్లులు చూపి పట్టుకుని, మిగతాది ఇవ్వమన్నాం. 3,500కు బిల్లులు చూపి, 7,120 ఖాతాలో వేశారు.

బ్యాంకుకు రాశాక 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆలస్యం చేయకుండా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టండి. పైసా ఖర్చుండదు.

అపోహ: దానికి లాయరు కావాలి. అక్కర్లేదు, మీరే పెట్టుకోవచ్చు.

ఇక ఎవరో ఏజెంటు సొంత ఫోన్‌పే నంబరుకు ఫీజు కట్టి ఉంటే అది వేరే కథ. అది మోసం. బ్రాంచి చుట్టూ తిరగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.