మూడు గీతల 干, పదకొండు గీతల 乾: ఫొటోలోని చైనీస్ బోర్డు చదవడం ఎలా?

వూహాన్ నగరంలో పొద్దున్నే ఏ సందులోకి వెళ్ళినా 热干面 అన్న బోర్డు కనిపిస్తుంది. పలకడం ఇంచుమించు ‘రగాన్‌మ్యెన్’. ఉడికించిన నూడుల్స్‌ని రసం లేకుండా నువ్వుల ముద్దతో కలిపి ఇచ్చే ఫలహారం అది. ఆ బోర్డు ఫొటో తీసి ఒక్కో అక్షరానికీ నిఘంటువులో అర్థం వెతికితే ‘వేడి – చేయు – ముఖం’ అని రావచ్చు. నిఘంటువు తప్పేమీ చెప్పలేదు. ఈ మూడు అక్షరాలకూ ఆ అర్థాలు నిజంగానే ఉన్నాయి. పొరపాటు ఎక్కడ జరిగిందో తెలియాలంటే ఇదే పేరును తైవాన్‌లో ఎలా రాస్తారో చూడాలి: 熱乾麵.

చైనాలో అక్షరాల సరళీకరణ పథకం 1956లో వచ్చింది, పూర్తి జాబితా 1964లో వెలువడింది. తైవాన్, హాంకాంగ్, మకావ్ పాత రూపాలనే ఉంచుకున్నాయి. జపాన్ 1946 తర్వాత కాంజీలను, అంటే తాను వాడే చైనీస్ అక్షరాలను విడిగా, వేరే పద్ధతిలో కుదించింది. చరిత్ర మనకు ఇంతవరకు చాలు. అసలు విషయం ఏమిటంటే, చైనాలో జరిగిన సరళీకరణ అంతా ఒక రకం కాదు. ఈ మూడక్షరాల పేరులోనే రెండు రకాలూ కనిపిస్తాయి.

మొదటి అక్షరం 熱 కాస్తా 热 అయింది. 15 గీతలు 10కి తగ్గాయి, అంతే. ఒక పాత అక్షరానికి ఒక కొత్త అక్షరం. ఇలాంటి వాటితో అనువాదానికి ఏ ఇబ్బందీ లేదు.

రెండో అక్షరం అలా కాదు. పాత లిపిలో 乾 అంటే పొడి, ఎండిన. 幹 అంటే పని చేయడం, చెట్టు మాను. 干 అంటే డాలు, జోక్యం చేసుకోవడం. ఉచ్చారణ దగ్గరగా ఉందని ఈ మూడింటినీ 干 అనే మూడు గీతల అక్షరంలో కలిపేశారు. మూడో అక్షరమూ ఇంతే. 麵 అంటే పిండి, నూడుల్స్. 面 అంటే ముఖం. రెండింటి పలుకుబడి ఒకటే కాబట్టి సరళ లిపిలో రెంటికీ 面 సరిపెట్టారు. ‘వాడిన పువ్వు’, ‘వాడిన మందు’ అన్నప్పుడు ‘వాడిన’ అనే మాటకు అర్థం మనకు పక్క మాట వల్ల తెలిసినట్టే, 干 అర్థాన్ని చైనీయులు పక్క అక్షరంతో తేల్చుకుంటారు. 饼干 అంటే బిస్కెట్, ఇక్కడ 干 ‘ఎండిన’. 干部 అంటే పార్టీలోనో ప్రభుత్వంలోనో అధికారి, ఇక్కడ అది 幹. 干涉 అంటే జోక్యం, ఇక్కడ అది మొదటినుంచీ 干యే.

ఆ పక్క అక్షరాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో చైనాలోని సూపర్‌మార్కెట్లు లోకానికి చూపించాయి. ఎండు సరుకులు అమ్మే చోట 干货 అని రాసి, దాని కింద ఇంగ్లీషులో పచ్చి బూతు అచ్చేసిన బోర్డులు చాలాకాలం కనిపించాయి. 干కి ‘చేయు’ అనే అర్థంతో పాటు ఒక మోటు అర్థం కూడా ఉంది. పదం మొత్తాన్ని కాక అక్షరాన్ని ఒంటరిగా అనువదించడం వల్ల ఆ మోటు అర్థమే బోర్డుకెక్కింది.

ఇక ఫొటో సంగతి. గీతలు తక్కువగా ఉంటే యంత్రం చదవడం సులువని అనిపిస్తుంది. సగమే నిజం. 热干面 మొత్తం 22 గీతలు, 熱乾麵 46. ఫొటో చిన్నదై, మసకగా ఉంటే 20 గీతల 麵 లోపల అంతా నల్లటి ముద్దగా కలిసిపోతుంది. అయినా దాని బయటి ఆకారం అలాగే మిగులుతుంది, దానితో పోలికపడే అక్షరాలు బహు తక్కువ. 干 విషయంలో ముప్పు మరోవైపు నుంచి వస్తుంది. పై గీత అడ్డంగా కాక కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా దిగితే అది 千, అంటే వెయ్యి. నిలువు గీత అడుగున ఎడమకు చిన్న కొక్కెం ఉంటే అది 于, ‘లో, వద్ద’ అనే విభక్తి లాంటి మాట. ఫొటో పక్కనుంచి తీసినా, బోర్డు కుంచె రాతలో ఉన్నా ఆ ఏటవాలు, ఆ కొక్కెం నమ్మదగినవి కావు. 11 గీతల 乾లో రెండు గీతలు చెరిగినా అక్షరం నిలుస్తుంది, 干లో ఒక్క గీత వాలితే మాట మారిపోతుంది.

యంత్రం దేన్ని చదివిందో కంటితో తేల్చలేకపోతే అది చదివిన అక్షరాలను ఈ కింది కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వాటి యూనికోడ్ సంఖ్యలు అడగవచ్చు:

```
python3 -c "print([hex(ord(c)) for c in '热干面'])"
```

నడుమ `0x5e72` వస్తే 干, `0x5343` వస్తే 千, `0x4e8e` వస్తే 于. 饼千 అనే మాట లేదు కాబట్టి అలా వస్తే చదవడంలోనే తప్పు జరిగిందని అర్థం.

లిపి ఏదో తేల్చుకున్నాకే అర్థం జోలికి వెళ్ళాలి. మన బోర్డులో ఆ పని చేసి పెట్టేది 热. ఈ రూపం జపాన్‌లోనూ తైవాన్‌లోనూ లేదు, రెండు చోట్లా 熱 అనే రాస్తారు. అంటే ఇది సరళ లిపి. కాబట్టి పక్కనున్న 面 నూడుల్స్ కావచ్చు, 干 ‘పొడి’ కావచ్చు. అదే 面 ఒక జపనీస్ బోర్డు మీద కనిపిస్తే అది ముఖమో, ముసుగో, ఉపరితలమో అవుతుంది గాని నూడుల్స్ కాదు. జపాన్ వాళ్ళు నూడుల్స్‌ని 麺 అని రాస్తారు, ఎడమ భాగాన్ని మాత్రం కుదించి 16 గీతలతో. ఒక అక్షరం లిపిని చెబుతుంది, ఆ లిపి పక్క అక్షరాల అర్థాల జాబితాను మారుస్తుంది. అనువాద యాప్ ‘భాష దానంతట గుర్తించు’ అన్న చోట తడబడేది ఇక్కడే. మూలభాషను మనమే ఎంచుకుంటే చాలా తప్పులు తగ్గుతాయి.

అయితే అన్ని అక్షరాలూ సాక్ష్యం చెప్పవు. 国, 学, 会, 来 చైనా సరళ లిపిలోనూ జపాన్‌లోనూ ఒకేలా ఉంటాయి. వాటిని చూసి దేశం చెప్పకూడదు. మూడు చోట్లా మూడు రూపాలున్నవాటిని వెతకాలి: 气, 氣, 気; 发, 發, 発; 图, 圖, 図. వరసగా చైనా, తైవాన్, జపాన్. 牛肉面 లాంటి బోర్డులో మొదటి రెండూ అంతటా ఒకటే కాబట్టి పక్క దుకాణం బోర్డు కూడా ఫొటోలో పడేలా తీయాలి. పదం చుట్టూ కత్తిరించి పంపితే ఆ సాక్ష్యం పోతుంది. ఇంకో జాగ్రత్త: చైనాలోనూ చేతిరాత బోర్డులకు పాత లిపి వాడేందుకు చట్టం వీలు కల్పించింది, కనుక పాత దుకాణం పేరు 麵 అని ఉంటే అది తైవానే అని తీర్మానించలేం.

సరళ లిపి నుంచి పాత లిపికి మార్చేటప్పుడు 热干面 కాస్తా 熱幹面 అయిందంటే, ఆ పరికరం అక్షరానికి అక్షరం మారుస్తోందన్నమాట. OpenCC లాంటి లిపి మార్పిడి పరికరాలు పదాల జాబితాలో దొరికిన అతి పొడవైన పదాన్ని ముందు పట్టుకుని మారుస్తాయి కాబట్టి ఈ తప్పు తక్కువ. వెనక్కి మార్చేటప్పుడూ ఒక గుంట ఉంది. 乾ని ‘చ్యెన్’ అని పలికే చోట, ఉదాహరణకు చక్రవర్తి 乾隆 పేరులో, సరళ లిపిలోనూ 乾గానే ఉంచాలి. 干隆 అని కనిపిస్తే యంత్రం గుడ్డిగా మార్చిందన్నమాటే.

చివరగా 骨, ఎముక. దీనికి యూనికోడ్‌లో అన్ని దేశాలకూ ఒకే సంఖ్య, U+9AA8. కానీ పైభాగంలోని చిన్న మూల చైనా అచ్చులో ఎడమవైపు, జపాన్, తైవాన్ అచ్చుల్లో కుడివైపు ఉంటుంది. ఇప్పుడు మీ తెరమీద అది ఎటువైపు ఉందో నిర్ణయించింది మీ ఫోన్‌లోని ఫాంటు. బోర్డు ఫొటోలో మాత్రం ఆ మూల రాసినవాళ్ళు పెట్టిన వైపే ఉంటుంది. అందుకే బోర్డు గురించి ఎవరినైనా అడిగేటప్పుడు యాప్ చదివిపెట్టిన అక్షరాలతో పాటు అసలు ఫొటో కూడా పంపాలి.