క్రెడిట్ కార్డుల వాడకం 30 శాతం లోపుకి రావాలంటే ఎంత కట్టాలి: నా దగ్గరికొచ్చేవాళ్ళ అపోహలు, అసలు లెక్క

గుంటూరులో హోమ్ లోన్ ఫైల్స్ చూసే పని నాది. ఫైల్ బ్యాంకుకి వెళ్ళే ముందు సిబిల్ రిపోర్ట్ తీసి కార్డుల పేజీ చూస్తా. జీతం బానే ఉంటది, ఒక్క ఈఎంఐ కూడా లేట్ ఉండదు, కానీ స్కోరు మాత్రం అనుకున్న దానికన్నా తక్కువ. చాలాసార్లు కారణం కార్డుల లిమిట్‌లో ఎక్కువ శాతం వాడేసి ఉండటమే. దీన్నే యుటిలైజేషన్ అంటారు. 30 శాతం లోపు ఉంచమని అందరూ చెప్తారు, అది ఆర్‌బీఐ పెట్టిన రూలేం కాదు, ఫీల్డ్‌లో మేము వాడే ఒక గుర్తు మాత్రమే, 31 అయితే కొంప మునిగిపోదు, 12 ఉంటే ఇంకా మంచిదే.

మొన్న ఒక టీచర్ గారు వచ్చారు, మూడు కార్డులున్నాయి. మొదటిదాని లిమిట్ లక్ష, బాకీ 82,000 (కొత్తింటికి ఏసీ, ఫ్రిజ్ అన్నీ దాని మీదే కొన్నారు). రెండోదాని లిమిట్ 60,000, బాకీ 9,000. మూడోదాని లిమిట్ 2,40,000, బాకీ 65,000. కలిపితే 4 లక్షల లిమిట్‌లో 1,56,000 బాకీ, అంటే 39 శాతం. ఈయన కేసు మీదే మిగతావన్నీ చెప్తా, ఎందుకంటే నేను రోజూ వినే అపోహలన్నీ ఆ ఒక్క పూటలో ఆయనే అడిగారు.

అపోహ: 39 నుంచి 30కి రావాలంటే 9 శాతం తగ్గాలి, కాబట్టి బాకీలో 9 శాతం కడితే చాలు.

ఆయన ఫోన్‌లో లెక్కేసుకునే వచ్చారు, "1,56,000లో 9 శాతం అంటే 14,040, అది ఇవాళే కట్టేస్తానండీ" అన్నారు. అది కడితే బాకీ 1,41,960 అవుతుంది, 4 లక్షల మీద అది 35 శాతం పైనే. తప్పు ఎక్కడంటే శాతం తీయాల్సింది బాకీ మీద కాదు, లిమిట్ మీద. లెక్క ఇలా వేసుకోండి:

కట్టాల్సింది = మొత్తం బాకీ − (మొత్తం లిమిట్ × టార్గెట్ శాతం ÷ 100)

4 లక్షల్లో 30 శాతం అంటే 1,20,000. బాకీ 1,56,000 కాబట్టి తేడా 36,000. అదీ కట్టాల్సిన మొత్తం, ఆయన అనుకున్నదానికి రెండున్నర రెట్లు. టార్గెట్ 20 శాతం అనుకుంటే 80,000 దాకే బాకీ ఉండొచ్చు, కాబట్టి 76,000 కట్టాలి.

అపోహ: మొత్తం మీద 30 వస్తే చాలు, ఏ కార్డు మీద కడితే ఏంటి.

మొత్తం లెక్కకి తేడా లేదు నిజమే. కానీ రిపోర్ట్‌లో ఒక్కో కార్డు విడిగా కనపడుతుంది, లోన్ ఆఫీసరు కూడా ఆ వరస మీదే కళ్ళు తిప్పుతాడు, లక్ష లిమిట్ కార్డు మీద 82,000 ఉంటే అక్కడే ఆగుతాడు. ఆ 36,000 మొత్తం మొదటి కార్డుకే కట్టినా దాని మీద ఇంకా 46,000 ఉంటది, అంటే 46 శాతం. ఆ ఒక్క కార్డు కూడా 30కి రావాలంటే 52,000 కట్టాలి. మిగతా రెండూ ఆల్రెడీ 15, 27 శాతంలోనే ఉన్నాయి, వాటిని కదపక్కర్లేదు. కాబట్టి ముందు ఎక్కువ శాతం వాడిన కార్డు చూడండి, ఎక్కువ బాకీ ఉన్న కార్డు కాదు, రెండూ ఒకటే అనుకుని పెద్ద లిమిట్ కార్డుకి డబ్బు పోసేవాళ్ళు చాలామంది.

ఒక్క షరతు, ఇదంతా చేసే ముందు అన్ని కార్డులకీ మినిమమ్ డ్యూ పక్కన పెట్టండి. ఒక కార్డు శాతం తగ్గించబోయి ఇంకో కార్డు లేట్ అయితే ఆ మచ్చ యుటిలైజేషన్ కన్నా పెద్దది.

అపోహ: చిన్న కార్డు కట్టేసి క్లోజ్ చేస్తే భారం తగ్గుతుంది.

ఆయనకి ఇది గట్టిగా నచ్చింది, రెండో కార్డు బాకీ 9,000 కట్టేసి ఆపేద్దామని. 9,000 కట్టి కార్డు అలాగే ఉంచితే 4 లక్షల్లో 1,47,000, అంటే దాదాపు 37 శాతం. అదే కట్టి క్లోజ్ చేస్తే 60,000 లిమిట్ కూడా పోతుంది, 3,40,000లో 1,47,000 అంటే 43 శాతం పైన. చేతి నుంచి డబ్బు కట్టి మరీ శాతం పెంచుకున్నట్టు. వార్షిక ఫీజు బాధ ఉంటే లోన్ చేతికొచ్చాక ఆలోచించండి, ఫైల్ నడుస్తుండగా మాత్రం వద్దు.

అపోహ: డ్యూ డేట్ లోపు కడితే చాలు, స్కోరు అదే సర్దుకుంటుంది.

నాకు చాలా బాధనిపించేది ఇది. ప్రతి నెలా ఫుల్‌గా కట్టేవాళ్ళు కూడా దీనివల్ల 80 శాతంతో కనపడతారు, తప్పు చెయ్యకుండానే. లేట్ ఫీజు పడాలా వద్దా అనేదే డ్యూ డేట్ తేలుస్తుంది. బ్యాంకు సిబిల్‌కి ఏ రోజు బాకీ పంపిందన్నది వేరే సంగతి. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆర్‌బీఐ రూల్ ప్రకారం అప్పట్లో బ్యాంకులు 15 రోజులకోసారి, అంటే నెలలో 15వ తేదీ, ఆఖరి తేదీ నాటి సమాచారం పంపాల్సి ఉండేది, పంపడానికి ఇంకో ఏడు రోజుల టైమ్ ఉండేది, తర్వాత సిబిల్ లాంటి బ్యూరో దాన్ని ఎక్కించుకోవాలి. కాబట్టి బ్యాంకు ఏ తేదీ నాటి లెక్క పంపుతుందో ఆ తేదీకి నాలుగు రోజుల ముందే డబ్బు కార్డులో పడాలి, ఆ నాలుగు రోజులు కార్డు గీకకూడదు. ఆ తర్వాత ఒక పది రోజులాగి రిపోర్ట్ తీయండి. అందులో కార్డు కింద Current Balance, దాని పక్కన రిపోర్ట్ అయిన తేదీ ఉంటాయి. ఆ తేదీ మీరు కట్టిన రోజుకన్నా వెనకది అయితే ఇంకా పాత లెక్కే చూస్తున్నట్టు, కంగారు పడి మళ్ళీ డబ్బు సర్దకండి.

ఇక ఆయన కేసు. చీటీ డబ్బులు 56,000 చేతిలో ఉన్నాయి. మొదటి కార్డు స్టేట్‌మెంట్ 5న వచ్చింది, డ్యూ 23న. 9వ తేదీ ఆ కార్డుకి 52,000, మూడోదానికి మినిమమ్ 3,250, రెండోదానికి 450 కట్టించా, మొత్తం 55,700. బాకీ 1,00,300కి దిగింది, అంటే 25 శాతం. 25న రిపోర్ట్ తీస్తే మొదటి కార్డు 30,000 అని ఉంటుందనుకున్నాం, కానీ 32,400 ఉంది. మధ్యలో 12న వాళ్ళావిడ కిరాణా సామాన్లకి అదే కార్డు గీకారు, ఆయన ఆ సంగతి చెప్పడం మర్చిపోయారు. ఫైల్‌కి ఇబ్బందేం కాలేదు, మొత్తం మీద లెక్క 26 శాతం లోపే. కానీ అప్పట్నుంచి టార్గెట్ 30 అయితే లెక్క 27కి వేస్తున్నా.

ఆయనకి ఒక మాట మాత్రం గట్టిగా చెప్పా, ఇది స్కోరు కోసం చేసిన సర్దుబాటు, వడ్డీ ఆగలేదు. బిల్లు పూర్తిగా కట్టకపోతే వడ్డీ లేని గడువు పోతుంది, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది, చాలా కార్డులకి నెలకి మూడు, మూడున్నర శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. మిగిలిన 30 వేలు ఎప్పటికి తీరుస్తారో ముందే అనుకోమన్నా, వచ్చే రెండు జీతాల్లో అన్నారు.

ఒకే బ్యాంకువి రెండు కార్డులున్నవాళ్ళు ఇంకోటి చూసుకోండి. చాలా బ్యాంకుల్లో లిమిట్ ఒక్కటే, రెండు కార్డులూ పంచుకుంటాయి. యాప్‌లో రెండింటి మీదా 2 లక్షలు అని కనపడుతుంది గానీ ఉన్నది 2 లక్షలే, 4 కాదు. పై లెక్కలో దాన్ని ఒక్కసారే కలపండి, లేకపోతే మీకు 25 అనిపించేది నిజానికి 50 అయ్యుంటది.