మూడో సెక్షన్ పడిపోతే రెండో సెక్షన్ గతేంటి? ముల్కీ కేసుల వెనక కథ

1969 మార్చి 28న ఏవీఎస్ నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు, సర్కారు ఉద్యోగాలకి నివాసం షరతు గురించిన ఒక చట్టంలోని మూడో సెక్షన్‌ని కొట్టేసింది. అది కూడా పూర్తిగా కాదు, "తెలంగాణకు సంబంధించినంత మేరకు" మాత్రమే. మిగతా ప్రాంతాల సంగతి మేమేమీ చెప్పడం లేదని కూడా తీర్పులో ఓ చిన్న మాట ఉంది. లా కాలేజీలో చదివినప్పుడు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ "మేరకు" అన్న మాట తర్వాతి నాలుగైదేళ్లలో ఎంత దూరం వెళ్లిందో తెలిశాకే, సెవరబిలిటీ, అదే చట్టంలో చెల్లని భాగాన్ని విడదీసి మిగతాది నిలబెట్టే సిద్ధాంతం, పరీక్షకి బట్టీ పట్టే ఏడు పాయింట్లు కాదని అర్థమైంది.

ముందు మూలం చూద్దాం. రాజ్యాంగం 13వ అధికరణ, ప్రాథమిక హక్కులకు విరుద్ధంగా ఉన్న చట్టం చెల్లదని ఊరికే అనలేదు, ఎంత మేరకు విరుద్ధమో అంత మేరకు చెల్లదు అంది. కాబట్టి చెడ్డ భాగాన్ని తీసేసి మిగతాది ఉంచడం కోర్టు చేసే దయ కాదు, రాజ్యాంగంలో రాసి ఉన్నదే. దీన్ని మొదట్లోనే వాడింది 1950 మే నెలలో, మద్రాసు జైల్లో ఉన్న ఏకే గోపాలన్ కేసులో. ముందస్తు నిర్బంధ చట్టంలో 14వ సెక్షన్, మనిషిని ఎందుకు నిర్బంధించారో ఆ కారణాలు కోర్టుకి కూడా చెప్పకూడదు అనేది. కోర్టు ఆ ఒక్క సెక్షన్ తీసేసి, మిగతా చట్టాన్ని అలాగే ఉంచింది. గోపాలన్ బయటికి రాలేదు. పిటిషన్ వేసినవాడు చట్టంలో ఒక ముక్క మీద గెలిచి, కేసు మాత్రం ఓడిపోవడం ఈ సిద్ధాంతంలో మామూలే.

ఎప్పుడు ముక్క పోతుంది, ఎప్పుడు చట్టం మొత్తం పోతుంది అన్నదానికి ఒక లెక్క 1957లో వచ్చింది. గళ్ళనుడికట్టు పోటీలు పెట్టి బహుమతులిచ్చే ఆర్‌ఎండీ చమర్‌బాగ్‌వాలా, 1955 నాటి ప్రైజ్ కాంపిటీషన్స్ చట్టాన్ని సవాలు చేశాడు. (ఆ చట్టం చెయ్యమని పార్లమెంటుని కోరిన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్ర, హైదరాబాదు రెండూ ఉన్నాయి.) అతని వాదన ఏమిటంటే, నిర్వచనం నైపుణ్యం మీద ఆడేవాటికీ అదృష్టం మీద ఆడేవాటికీ కలిపి ఉంది, నైపుణ్యం పోటీల మీద ఆంక్షలు చెల్లవు, ఒకే నిర్వచనంలో రెండూ కలిసిపోయాయి కాబట్టి మొత్తం చట్టమే పోవాలి అని. కోర్టు ఒప్పుకోలేదు. అసలు ఈ చట్టం వర్తించేది జూదంలాంటి పోటీలకే అంది, ఒకవేళ కాదనుకున్నా ఆ రెండు రకాల్నీ విడదీయవచ్చు అంది. చెల్లేదీ చెల్లనిదీ ఒకే సెక్షన్‌లో ఉన్నాయా, వేరే సెక్షన్లలో ఉన్నాయా అన్నది లెక్క కాదు, సారం చూడాలి అన్నది అక్కడి ముఖ్యమైన మాట.

ఆ తీర్పులో ఏడు సూత్రాలు ఉన్నాయి గానీ అన్నీ చెప్పను. మన కథకి కావాల్సినవి రెండే. ఒకటి, ఒక భాగం చెల్లదని ముందే తెలిసుంటే శాసనసభ మిగిలిన భాగాన్ని చట్టం చేసి ఉండేదా? రెండు, రెండు భాగాలూ విడివిడిగా కనిపిస్తున్నా ఒకే పథకంలో భాగాలుగా, కలిసి పనిచెయ్యాలని చేసినవైతే, ఒకటి పడిపోతే రెండోదీ పడాల్సిందే. గుర్తుపెట్టుకోండి, ఇక్కడ ప్రశ్న "మిగిలిన వాక్యం చదవడానికి సరిగ్గా ఉందా" అని కాదు. పెన్సిల్‌తో కొట్టేశాక వ్యాకరణం బాగానే ఉండొచ్చు, అయినా చట్టం చచ్చిపోవచ్చు.

ఇప్పుడు హైదరాబాదుకి వద్దాం. ముల్కీ నిబంధనలు నిజాం కాలం నాటివి, 1919 ఫర్మానాతో వచ్చినవి. హైదరాబాదు రాజ్యంలో సర్కారు ఉద్యోగం కావాలంటే ముల్కీ, అంటే స్థానికుడు, అయి ఉండాలి, బయటి నుంచి వచ్చినవాళ్లయితే ఆ అర్హతకి పదిహేనేళ్లు ఇక్కడే స్థిరంగా ఉండాలి. రాజ్యాంగం వచ్చాక ఉద్యోగాలకి నివాసం షరతు పెట్టే అధికారం 16(3) కింద పార్లమెంటుకే మిగిలింది. అయితే 35(బి) అధికరణ అప్పటికే ఉన్న అలాంటి పాత నిబంధనల్ని, పార్లమెంటు మార్చేదాకా లేదా రద్దు చేసేదాకా కొనసాగనిచ్చింది. అలా ముల్కీ నిబంధనలు బతికి బయటపడ్డాయి.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మరుసటి ఏడాది పార్లమెంటు పబ్లిక్ ఎంప్లాయ్‌మెంట్ చట్టం తెచ్చింది, 1959లో అమల్లోకి వచ్చింది. ఇందులో రెండో సెక్షన్ దేశంలో ఎక్కడెక్కడ ఇలాంటి పాత నివాస నిబంధనలు ఉన్నాయో వాటన్నిటినీ రద్దు చేసింది, ముల్కీ కూడా అందులో పోయినట్టే. మూడో సెక్షన్ కొన్ని చోట్లకి మాత్రం కొత్తగా నివాసం షరతు పెట్టే అధికారం కేంద్రానికిచ్చింది: తెలంగాణ ప్రాంతం, హిమాచల్, మణిపూర్, త్రిపుర. అంటే ఒక చేత్తో పాతది తీసేసి ఇంకో చేత్తో కొత్తది ఇచ్చారు. తెలంగాణకి పదిహేనేళ్ల నివాసం షరతు కొత్త రూల్స్‌లో మళ్లీ వచ్చింది. గడువు మొదట ఐదేళ్లు, తర్వాత పొడిగిస్తూ పోయారు.

1969 జనవరిలో, ఉద్యమం మధ్యలో, తెలంగాణ పోస్టుల్లో ఉన్న స్థానికేతరుల్ని తప్పించి వెనక్కి పంపాలంటూ 36వ నంబరు జీవో వచ్చింది. ఆ ఉద్యోగులు కోర్టుకెళ్లారు. సుప్రీంకోర్టు 16(3)లోని మాటలు చూసింది: "ఆ రాష్ట్రంలో నివాసం" అని ఉంది. రాష్ట్రం అంటే మొత్తం రాష్ట్రం, అందులో ఒక ప్రాంతం కాదు. కాబట్టి తెలంగాణలో నివాసం ఉండాలనే షరతుకి 16(3) ఆధారం కాదు, మూడో సెక్షన్ తెలంగాణ మేరకు చెల్లదు. హిమాచల్ వగైరా గొడవ ముందు లేదు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. ఇది మంచి విడదీత, శుభ్రంగా చేశారు.

కానీ అసలు ప్రశ్న ఇక్కడే మొదలైంది. కొత్తది ఇచ్చిన చెయ్యి పోయింది, మరి పాతది తీసేసిన చెయ్యి? రెండో సెక్షన్‌ని కోర్టు ముట్టుకోలేదు. అది అలాగే ఉంటే తెలంగాణకి పాత ముల్కీ లేదు, కొత్త షరతూ లేదు, రెండూ పోయినట్టే. అది కూడా పడిపోతే ముల్కీ నిబంధనలు ఎప్పుడూ రద్దు కానట్టే లెక్క. 1972 ఫిబ్రవరిలో రాష్ట్ర హైకోర్టు ఫుల్ బెంచ్, మెజారిటీతో, ముల్కీ అమల్లో లేదంది. అదే ఏడాది అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఆ తీర్పుని తిరగేసింది: ముల్కీ నిబంధనలు బతికే ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా.

దీని తర్కం ముందు చెప్పిన రెండు సూత్రాల్లోనే ఉంది. రెండో సెక్షన్ తనంతట తాను పూర్తి వాక్యమే, దానికి మూడో సెక్షన్ ఆసరా అక్కర్లేదు. అక్షరాలు చూస్తే నిలబడుతుంది. కానీ పార్లమెంటు తెలంగాణ వాళ్లకున్న రక్షణని ఊరికే తీసెయ్యాలనుకోలేదు, దాని చోట ఇంకొకటి పెడదామనే తీసేసింది. పెట్టిందే చెల్లకపోతే తీసేయడానికీ ఆధారం లేదు. అందుకని ముల్కీ నిబంధనల మేరకు రెండో సెక్షన్ కూడా మూడోదానితో పాటే పోయింది. ఇక్కడ కూడా "మేరకు" ఉంది చూడండి: మిగతా రాష్ట్రాల పాత నిబంధనల రద్దు అలాగే నిలిచింది. ఒకే సెక్షన్ ఒకచోట చచ్చి ఇంకోచోట బతికింది. నా వరకు ఆ తీర్పు సరైనదే అనిపిస్తుంది, దాని ఫలితం ఎవరికి నచ్చింది ఎవరికి నచ్చలేదు అన్నది వేరే విషయం.

ఆ ఫలితం అందరికీ తెలుసు. జై ఆంధ్ర ఉద్యమం, 1972 డిసెంబర్‌లో రాజీ కోసం ముల్కీ రూల్స్ చట్టం, అదీ సరిపోక 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన, సెప్టెంబర్ 21న ఆరు సూత్రాల పథకం, ఆపైన 32వ రాజ్యాంగ సవరణ, 371-డి అధికరణ. ముల్కీని పార్లమెంటే విడిగా చట్టం చేసి రద్దు చేసింది. సవరణ ఎందుకు అవసరమైందో ఇప్పుడు తేలిగ్గా తెలుస్తుంది. రాష్ట్రంలో ఒక ప్రాంతం ప్రకారం షరతు పెట్టడానికి 16(3) ఒప్పుకోదని 1969లోనే తేలిపోయింది కాబట్టి, మామూలు చట్టంతో అయ్యే పని కాదు, లోకల్ కేడర్లు, లోకల్ ఏరియాలు అన్నీ రాజ్యాంగంలోనే రాయాల్సి వచ్చింది.

అంతటితో అయిపోలేదు. ఆ 371-డిలోనే ఉద్యోగుల సర్వీసు గొడవలకి ఒక ట్రిబ్యునల్ పెట్టారు. ఐదో క్లాజు ఏమందంటే, ట్రిబ్యునల్ తుది ఆర్డరు రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించినప్పుడు గానీ, మూడు నెలలు గడిచాక గానీ, ఏది ముందైతే అప్పుడు అమల్లోకి వస్తుంది. దాని కింద ప్రొవైజో, అంటే మినహాయింపు షరతు: ఆ లోపు ప్రభుత్వం కారణాలు రాసి ఆ ఆర్డర్ని మార్చొచ్చు, రద్దు కూడా చెయ్యొచ్చు. ఉద్యోగి కేసు వేసేది ప్రభుత్వం మీద, గెలిస్తే ఆ గెలుపుని కొట్టేసేదీ ప్రభుత్వమే! పి. సాంబమూర్తి కేసులో 1986 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఈ ప్రొవైజో చట్టబద్ధ పాలనకే విరుద్ధం, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని దెబ్బతీస్తుంది అని కొట్టేసింది.

మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. ప్రొవైజో పోయింది, పైన ఉన్న మూడు నెలల మాట ఉండాలా? విడిగా చూస్తే అందులో దోషం పెద్దగా కనపడదు. కానీ ఆ మూడు నెలలు పెట్టింది దేనికి? ప్రభుత్వం ఆర్డర్ని మార్చాలా వద్దా అని ఆలోచించుకోవడానికి. మార్చే అధికారమే లేనప్పుడు గెలిచిన ఉద్యోగిని మూడు నెలలు ఎందుకు ఆపాలి? ప్రొవైజో లేకుండా దానికి అర్థం లేదని కోర్టు మొత్తం ఐదో క్లాజునే తీసేసింది. మిగతా 371-డి మాత్రం చెక్కుచెదరలేదు, ఎందుకంటే లోకల్ కేడర్లకీ ఈ క్లాజుకీ ముడి లేదు.

పేపర్లో "చట్టాన్ని కొట్టేసిన కోర్టు" అని హెడ్డింగ్ కనిపించినప్పుడు నేను ముందు తీర్పు ఆఖరి పేరాకి పోయి "మేరకు" ఎక్కడుందో వెతుకుతాను. తర్వాత, కోర్టు ముట్టుకోని సెక్షన్లలో ఈ పడిపోయినదాని కోసమే పుట్టినవి ఏమున్నాయా అని చూస్తాను. 1969లో రెండో సెక్షన్‌ని ఎవరూ తేల్చకుండా వదిలేసినందుకు, అది తేలడానికి మూడున్నరేళ్లు పట్టింది.

ఇంకో తమాషా. రాజ్యాంగం పుస్తకం తెరిచి 371-డి చూడండి, ఐదో క్లాజు, దాని ప్రొవైజో ఇప్పటికీ అచ్చులో అలాగే ఉంటాయి. కోర్టు కొట్టేస్తే అక్షరాలు చెరిగిపోవు, పార్లమెంటు తీస్తేనే పోతాయి. పేజీ అడుగున సాంబమూర్తి కేసు పేరుతో చిన్న ఫుట్‌నోటు మాత్రం ఉంటుంది, ఇది చెల్లదని. 2014లో అదే అధికరణని రెండు రాష్ట్రాలకీ వర్తించేలా సవరించినప్పుడు కూడా ఆ క్లాజుని ఎవరూ తీసెయ్యలేదు.