పఫ్ వేడి చేస్తే పాట ఎందుకు తెగుతుంది? 2.4 గిగాహెర్ట్జ్ వెనుక కథ

ఒంగోలు ఆర్టీసీ బస్టాండు దగ్గర ఓ బేకరీ. కౌంటర్ మీద మైక్రోవేవ్ ఓవెన్, దాని పక్క అరలో బ్లూటూత్ స్పీకరు, యజమాని చెవిలో ఇయర్‌ఫోను. ఎగ్ పఫ్ వేడి చేయడానికి ఓవెన్ ఆన్ చేయగానే స్పీకర్లో పాట ముక్కలు ముక్కలవుతుంది. ఫోన్లో కేకు ఆర్డరు చెబుతున్నవారి గొంతు వెనుక బుస్సుమనే రొద మొదలవుతుంది. ఆయన స్పీకరు మార్చారు, ఇయర్‌ఫోను మార్చారు, ఫలితం లేదు. ఉండదు కూడా. ఎందుకంటే ఈ తగువు ఆ వస్తువులు పుట్టక ముందే, 1947లోనే ఖాయమైపోయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ల కోసం తయారైన మాగ్నెట్రాన్ అనే గొట్టంతో ఆహారాన్ని వేడి చేయవచ్చని అమెరికాలోని రేథియాన్ సంస్థ ఇంజినీరు పెర్సీ స్పెన్సర్ 1945లో గుర్తించారు. రేడియో తరంగాలతో పనిచేసే ఇలాంటి వేడి యంత్రాలు సమాచార ప్రసారాలను పాడు చేయకుండా ఉండాలంటే వాటికి విడిగా చోటు చూపించాలి. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ రేడియో సదస్సు అలాంటి కొన్ని చోట్లను కేటాయించింది. 2450 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న పౌనఃపున్యాల పట్టీ, అంటే ఇప్పుడు మనం 2.4 గిగాహెర్ట్జ్ అంటున్నది, అందులో ఒకటి. నీటి అణువులు సరిగ్గా ఆ పౌనఃపున్యం దగ్గరే ప్రతిస్పందిస్తాయి కాబట్టి దాన్ని ఎంచుకున్నారని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. చుట్టుపక్కల పౌనఃపున్యాల్లోనూ నీరు చక్కగానే వేడెక్కుతుంది. ఈ కేటాయింపుకు ఒక షరతు ఉంది: ఆ పట్టీలో ఎవరైనా రేడియో ప్రసారం చేసుకుంటే, వేడి యంత్రాల రొదను భరించాల్సిందే.

ఒక రకంగా అది పోరంబోకు భూమి. ఎవరూ పెద్దగా ఆశపడని ఆ జాగాను అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1985లో లైసెన్సు లేని రేడియో పరికరాలకు తెరిచింది. 1997లో వైఫై తొలి ప్రమాణం అక్కడే పాదం మోపింది. స్వీడన్‌లోని ఎరిక్సన్ సంస్థలో 1994లో మొదలైన బ్లూటూత్ కూడా అక్కడికే చేరింది. మన దేశంలో 2005 జనవరిలో వచ్చిన కేంద్ర నోటిఫికేషన్ 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తి పరికరాలను లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతించింది. షరతు మాత్రం పాతదే: ఎవరికీ ఆటంకం కలిగించకూడదు, తమకు ఆటంకం కలిగితే రక్షణ కోరకూడదు. కాబట్టి బేకరీ యజమాని ఫిర్యాదు చేయడానికి వెళ్లదగిన కార్యాలయమంటూ ఏదీ లేదు.

ఓవెన్ ఎంత బలమైన పొరుగువాడో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 800 వాట్ల ఓవెన్ నుంచి పదిలక్షల్లో ఒక వంతు శక్తి తలుపు అంచుల గుండా బయటికి వచ్చినా అది 0.8 మిల్లీవాట్లు. చెవిలో పెట్టుకునే పరికరం పంపేది సాధారణంగా కొద్ది మిల్లీవాట్లే. పైగా ఫోను ప్యాంటు జేబులో ఉంటే ఆ సంకేతం మనిషి శరీరాన్ని దాటి రావాలి. శరీరంలోని నీరు దాన్ని చాలావరకు మింగేస్తుంది. అంటే ఓవెన్ పూర్తిగా సురక్షితంగా ఉన్నా పాట తెగవచ్చు. తలుపు నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్ల వరకు లీకేజీని భద్రతా ప్రమాణాలు అనుమతిస్తాయి. బ్లూటూత్‌ను చెడగొట్టడానికి అందులో చాలా చిన్న భాగం సరిపోతుంది. పాట తెగిందని ఓవెన్‌ను చూసి భయపడనక్కర్లేదు. తలుపు వంగినా, సరిగ్గా మూసుకోకపోయినా మాత్రం వాడకం ఆపి బాగు చేయించాల్సిందే.

బ్లూటూత్‌ను రూపొందించినవారికి ఈ పొరుగు సంగతి తెలుసు. అందుకే దాన్ని ఒకచోట నిలవనివ్వలేదు. పట్టీని ఒక్కో మెగాహెర్ట్జ్ వెడల్పున్న 79 సన్నని చానళ్లుగా విడగొట్టి, సెకనుకు 1600 సార్లు చానల్ మారేలా చేశారు. 2003లో వచ్చిన 1.2 వెర్షన్‌లో, రొద ఉన్న చానళ్లను గుర్తించి తప్పించుకునే పద్ధతి చేర్చారు. అయితే మాగ్నెట్రాన్ ఒకచోట కుదురుగా ఉండదు. వేడెక్కేకొద్దీ దాని పౌనఃపున్యం జరుగుతుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మామూలు ఓవెన్లలో అది 50 హెర్ట్జ్ కరెంటుతో పాటు సెకనుకు 50 సార్లు వెలిగి ఆరుతుంది. మంచి చానల్ ఏదో చెడ్డది ఏదో బ్లూటూత్ తేల్చుకునే లోపే పరిస్థితి మారిపోతుంది.

పాట తెగడానికీ, కాల్లో బుస వినిపించడానికీ కారణం ఒకటే అయినా దారులు వేరు. పాట డేటా పాడైతే స్పీకరు మళ్లీ పంపమని అడుగుతుంది. ముందుగా కొంత నిల్వ ఉంటుంది కాబట్టి చిన్న ఆటంకాలు మన చెవికి తెలియవు. ఆ నిల్వ అయిపోయినప్పుడు పాట ఒక్కసారిగా ఆగుతుంది. మాట అలా ఆగి ఎదురుచూడలేదు. అందుకే తొలి బ్లూటూత్ కాల్స్‌లో పాడైన మాటను తిరిగి పంపే ఏర్పాటే లేదు. సీవీఎస్‌డీ అనే పాత మాట సంకేత పద్ధతిలో కొన్ని బిట్లు తప్పుగా వచ్చినా మాట అర్థమవుతుంది, ఆ తప్పులు వెనుక రొదగా వినిపిస్తాయి. ఎంచుకున్నదే ఆ గుణం కోసం. ఆటంకం పెరిగేకొద్దీ బుస పెరుగుతుంది, మాట మాత్రం చాలాసేపు నిలుస్తుంది. కొత్త తరం కాల్ పద్ధతుల్లో బుస తగ్గి, దాని బదులు మాట మధ్యలో గండ్లు పడతాయి.

బేకరీలో కారణం తేల్చడానికి పెద్ద పనిముట్లేవీ అవసరం కాలేదు. ఓవెన్లో గ్లాసుడు నీళ్లు పెట్టి (ఖాళీగా ఎప్పుడూ నడపకూడదు) డీఫ్రాస్ట్ మీద ఆన్ చేశారు. ఆ సెట్టింగులో మామూలు ఓవెన్ కొన్ని సెకన్లు గట్టిగా గుయ్యిమని, కొన్ని సెకన్లు ఫ్యాన్ చప్పుడుతో మాత్రమే తిరుగుతుంది. గుయ్యిమన్నప్పుడల్లా పాట తెగి, చప్పుడు తగ్గగానే తిరిగి అతుక్కుంది. లోపల దీపం వెలుగుతూ, పళ్లెం తిరుగుతూనే ఉన్నా పాట బాగుందంటే దోషం మాగ్నెట్రాన్‌దే. స్పీకర్‌ను ఎదురు గోడకు మార్చి, ఫోన్‌ను దాని పక్కనే పెట్టాక పగటిపూట పాట తెగడం దాదాపు ఆగింది. ఫోను, స్పీకరు దగ్గరయ్యేకొద్దీ అసలు సంకేతం బలపడుతుంది. ఓవెన్ దూరమయ్యేకొద్దీ రొద బలహీనపడుతుంది. రెండూ కలిసి రావాలి.

రాత్రి ఏడు దాటాక మాత్రం ఓవెన్ ఆపి ఉన్నా పాట తెగేది. పై అంతస్తుల ఇళ్లలో అందరూ ఫోన్లు, టీవీలు పెట్టుకునే వేళ అది. వైఫై చానళ్లను చూపే యాప్‌లో 1, 6, 11 మూడూ నిండిపోయి కనిపించాయి. ఒక్కో వైఫై చానల్ సుమారు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు. మూడూ కలిసి దాదాపు 60 మెగాహెర్ట్జ్ తీసుకుంటే బ్లూటూత్‌కు మిగిలేది సుమారు 20 చానళ్లు. తప్పించుకునే పద్ధతికి నియమం ప్రకారం కనీసం 20 కావాలి. అంటే అలాంటి వీధిలో బ్లూటూత్ అంచున నడుస్తోంది. దానికి తోడు బేకరీ సొంత రూటరులో వెడల్పు `40 MHz` మీద ఉంది. ఒక్క రూటరే పట్టీలో సగాన్ని పరుచుకుందన్నమాట. దాన్ని `20 MHz`కు తగ్గించి, బిల్లింగ్ ట్యాబ్‌ను, టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చారు. రాత్రి పాట తెగడం బాగా తగ్గింది. పై ఇళ్లవాళ్ల రూటర్లు అలాగే ఉన్నాయి కాబట్టి పూర్తిగా పోలేదు. బ్లూటూత్ స్పీకర్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చే మార్గం లేదు, అది ఈ పట్టీలోనే పనిచేసేలా తయారైంది.

ఒక రకం బుసకు ఈ కథతో సంబంధం లేదు. పాట ఆపినా, ఫోన్‌ను స్పీకరు పక్కనే పెట్టినా, ఓవెన్, రూటరు రెండూ ఆపినా సన్నగా ఒకే తీరున వినిపిస్తుంటే అది స్పీకర్లోని యాంప్లిఫయర్ రొదగానీ చార్జర్ నుంచి వచ్చేదిగానీ అయి ఉంటుంది. చార్జర్ తీసి చూస్తే రెండింటిలో ఏదో తేలిపోతుంది.