అమెరికాలో మన ఊరి వంట హోటల్: కారం, పప్పు, కరివేపాకు మీద అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, దేవరకొండ, జడ్చర్ల దిక్కు నుంచి వచ్చి టెక్సాస్‌లో హోటల్ పెట్టాలనుకునే మనవాళ్లు ఫోన్ చేస్తే, సగం మాటలు సరుకు మీదే ఉంటాయి. ఎక్కువగా వినే మాటలు ఇవి.

అపోహ: అమ్మ పట్టించిన కారం సూట్‌కేసులో తెచ్చుకుంటే చాలు, రుచి అదే వస్తుంది.

వాస్తవం: ఇంటికి తెచ్చుకునేది వేరు, హోటల్లో వాడేది వేరు. ఇక్కడి రాష్ట్రాలు చాలావరకు అనుసరించే ఫుడ్ కోడ్ ప్రకారం ఇంట్లో తయారైన తిండి వస్తువు హోటల్ వంటింట్లో వాడకూడదు. కారమే కాదు, అత్తమ్మ పంపిన ఆవకాయ, నువ్వుల పొడి కూడా అంతే. ఇన్‌స్పెక్టర్ వస్తే డబ్బా మీద లేబుల్ చూస్తాడు, ఎక్కడ కొన్నారో బిల్లు అడుగుతాడు. రెండూ లేకపోతే అది చెత్తబుట్టలోకే. పోనీ వ్యాపారంగానే తెప్పిద్దామంటే పంపే మిల్లు ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో రిజిస్టర్ అయి ఉండాలి, సరుకు రాకముందే నోటీసు వెళ్లాలి, ఇక్కడి దిగుమతిదారు ఆ మిల్లును పరిశీలించిన కాగితాలు దగ్గర ఉంచుకోవాలి. నాలుగు బస్తాల కోసం ఈ తంతు గిట్టదు.

నా పద్ధతి చెప్తాను. దిగుమతిదారు దగ్గర ఎండుమిర్చి కాయగానే కొంటాను: ఘాటుకు తేజ, రంగుకు బ్యాడిగి. ఆరు పాళ్లు తేజ, నాలుగు పాళ్లు బ్యాడిగి. బస్తా తెరవగానే పైనా అడుగునా నాలుగైదు కాయలు తీసి నిలువునా చీల్చాలి. పైకి ఎర్రగా నిగనిగలాడే కాయలో కూడా గింజల చుట్టూ బూడిద రంగు బూజు ఉండొచ్చు. అది కనిపిస్తే బస్తా వాపసు. సరిగా ఎండని కాయకు పట్టే ఈ బూజుల్లో కొన్ని అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి, వేయించినా అది పూర్తిగా పోదు. ఇక్కడ తిండి వస్తువుల్లో దానికి పరిమితి వంద కోట్ల పాళ్లలో 20. అది కంటికి కనిపించేది కాదు కాబట్టి లాట్ టెస్ట్ రిపోర్టు కూడా అడుగుతాను. మిర్చి తొడిమలు తీసి, వారానికి సరిపడా మాత్రమే హోటల్లోనే పట్టిస్తాం. నెలల కిందట పట్టిన కారంలో వాసన ఎక్కడుంటుంది?

అపోహ: మిర్చిని దోరగా వేయిస్తే అన్ని సూక్ష్మజీవులూ చచ్చిపోతాయి.

వాస్తవం: టెన్షన్ పడాల్సింది ఇక్కడే. 2007-09 మధ్య అమెరికాకు వచ్చిన మసాలా దినుసుల లోడ్లను ఎఫ్‌డీఏ పరీక్షిస్తే దాదాపు 7 శాతంలో సాల్మొనెల్లా కనిపించింది. నీటిలో ఉన్నప్పటి కంటే పొడి పదార్థంలో ఉన్నప్పుడు ఈ బ్యాక్టీరియా వేడికి బాగా తట్టుకుంటుంది. పులుసులో పడి ఉడికే కారంతో పెద్ద భయం లేదు. దోసె మీద చల్లే కారం, అన్నంలో నెయ్యి వేసి కలిపే వెల్లుల్లి కారం మాత్రం మళ్లీ ఉడకవు. అందుకే మా వంటింట్లో రెండు డబ్బాలు. మేం పట్టించినది కూరలకు. పైన చల్లడానికి ఆవిరితో శుద్ధి చేసిన కారం, కాస్త ఖరీదైనా సరే.

ఇథిలిన్ ఆక్సైడ్ గ్యాస్‌తో శుద్ధి చేసిన మసాలాలు కూడా ఇక్కడ పరిమితికి లోబడి అమ్ముతారు. యూరప్‌లో ఆ గ్యాస్ వాడకం నిషేధం. జర్మనీలో హోటల్ పెట్టిన తమ్ముడికి నా సప్లయర్ నంబర్ ఇచ్చి ఊరుకుంటే కుదరదు.

అపోహ: తాండూరు పప్పు కాకపోతే ఉడకదు.

వాస్తవం: తాండూరు కందిపప్పుకు 2022లో ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకుగా జీఐ గుర్తింపు వచ్చింది, రుచిలో దానికి వంక పెట్టను. కానీ ఇక్కడ పప్పు ఉడకకపోతే తప్పు ఊరిది కాదు, పప్పు పాతదనానిది, నీళ్లది. వేడి గోదాములో చాలాకాలం నిల్వ ఉంటే ఏ పప్పైనా గట్టిపడుతుంది. మా దగ్గర నీళ్లు కఠినజలం, అందులోని కాల్షియం పప్పును మెత్తబడనివ్వదు. కొత్త లాట్ వస్తే గుప్పెడు పప్పును ఫిల్టర్ నీళ్లలో, ఇంకో గుప్పెడు కుళాయి నీళ్లలో ఒకే సమయం ఉడికించి చూడండి. రెండూ పలుకు మిగిలితే పప్పు పాతది. ఒకటే మిగిలితే నీళ్ల సంగతి తేలిపోయినట్టే. చింతపండు, టమాటా మాత్రం పప్పు మెత్తబడ్డాకే వేయాలి, పులుపు ముందే పడితే అది ఉడకదు.

అపోహ: కరివేపాకు ఆకే కదా, బ్యాగులో పెట్టుకొస్తే ఎవరేమంటారు?

వాస్తవం: ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు, దాచితే జరిమానా కూడా పడొచ్చు. కరివేప మీద బతికే ఒక చిన్న పురుగు నారింజ, నిమ్మ చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసుకెళ్తుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో, 2012లో టెక్సాస్‌లో కనిపించింది. అందుకే తెలిసినవాళ్ల పెరటి నుంచి మొక్క తెచ్చి నాటాలన్నా ముందు మీ కౌంటీ క్వారంటైన్‌లో ఉందేమో కనుక్కోండి. బిల్లుతో కొన్న ఆకు కడిగి, తడి పూర్తిగా ఆరాక ఫ్రీజ్ చేస్తే పోపుకు బాగానే పనికొస్తుంది. బయట పెట్టి కరగనిస్తే నల్లబడుతుంది, గడ్డకట్టినది గడ్డకట్టినట్టే నూనెలో వేయండి.