ముఖం చూడని మొక్కు

హనుమకొండలో శనివారం పొద్దున నవగ్రహాల దగ్గర కాసేపు నిలబడి చూడండి. నల్ల నువ్వులు, నువ్వుల నూనె తెచ్చినవాళ్లలో చాలామంది శనీశ్వరుడికి ఎదురుగా నిలబడరు. ఓ పక్కకు జరిగి నూనె పోసి, దండం పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోతారు.

పాఠం నేర్పే గురువని పేరున్నా శని అంటే జనానికి భయమే. ఈ భయం ఆయన నడకలోంచి పుట్టింది. శనైశ్చరుడు అంటేనే మెల్లగా నడిచేవాడు. చంద్రుడు ఒక రాశిని రెండుంబావు రోజుల్లో దాటేస్తే శనికి రెండున్నరేళ్లు పడుతుంది. జన్మరాశికి ముందు రాశి, జన్మరాశి, తర్వాతి రాశి కలిపితే ఏడున్నరేళ్లు. అదే ఏలినాటి శని. 2025 మార్చి 29న ఆయన మీనంలోకి రాగానే మేషరాశి వాళ్లకు అది మొదలైంది. ఏడున్నరేళ్లలో ఒక అప్పో, చావో, ఉద్యోగం టెన్షనో లేని ఇల్లు ఎక్కడుంది? అవన్నీ ఆయన ఖాతాలోకే వెళ్లాయి.

ఇక చూపు సంగతి. ధ్యానంలో ఉండి తన వైపు చూడలేదని భార్య శపించిందని, అప్పటినుంచి ఆయన చూసిందల్లా నాశనమవుతోందని బ్రహ్మవైవర్త పురాణం చెబుతుంది. పార్వతి చూడమంటేనే పసి వినాయకుణ్ణి చూశాడు, బిడ్డ తల తెగిపోయింది. అంతవరకు ఆయన తల దించుకునే ఉన్నాడన్నది మాత్రం ఎవరికీ గుర్తుండదు.

శని పాఠం నేర్పే గురువుగా కనిపించేది విక్రమాదిత్యుడి కథలో. మహారాష్ట్ర వైపు ఎక్కువగా చదువుకునే శని మహాత్మ్యం ఇదే. గ్రహాల్లో ఎవరు గొప్ప అని సభలో చర్చ జరుగుతుంటే రాజు శనిని ఎగతాళి చేశాడు. కొన్నాళ్లకు ఒక గుర్రం రాజును ఎక్కించుకుపోయి పరాయి దేశంలో పడేసింది. అక్కడొక వ్యాపారి ఇంట్లో గోడ మీది బొమ్మ హంస ముత్యాల హారం మింగేసింది. దొంగతనం రాజు మీద పడి కాళ్లూ చేతులూ పోయాయి. చివరికి ఒక గాండ్లాయన దయతలిస్తే గానుగ మీద కూర్చుని ఎడ్లను తోలుతూ బతికాడు. గడువు తీరాక శని ప్రత్యక్షమై వరం కోరుకోమంటే, కాళ్లూ చేతులూ అడగలేదు. "నేను పడ్డ బాధ ఇంకెవరికీ పెట్టకు" అన్నాడు. శని మెచ్చి పోయినవన్నీ ఇచ్చాడు, హంస హారాన్ని కక్కింది. నా దృష్టిలో కథకు ఆయువుపట్టు ఆ వరమే. మొదట నవ్విన నోరే చివరికి పరాయివాళ్ల కోసం అడిగింది.

మన ధర్మపురిలో గుడి ఉన్న యముడు కూడా సూర్యుడి కొడుకే, శనికి అన్న. చచ్చాక లెక్క చూసేది అన్న, బతికుండగానే చూసేది తమ్ముడు అంటారు. పెద్దవాళ్లు మొదటి ఏలినాటిని మంగు శని అని, ముప్పై ఏళ్లకు మళ్లీ వచ్చేదాన్ని పొంగు శని అని పిలుస్తారు. రెండోసారి ఇచ్చి పోతాడని నమ్మకం. అలా నమ్మేవాళ్లు కూడా నూనె మాత్రం పక్కన నిలబడే పోస్తారు.